రిఫరెన్సుల జాబితా: వినకూడని ఐదు సలహాలు

*పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోని ఒక విద్యాసంస్థలో పరిశోధన విభాగం అధిపతి అధ్యాపకులకు, పీహెచ్‌డీ స్కాలర్లకు చేసిన చిన్న ప్రసంగం*

జర్నల్‌కు వెళ్లే పేపరైనా, పరీక్షకులకు వెళ్లే థీసిస్ అయినా మా ఆఫీసు దాటే బయటికి వెళ్తుంది. చేతికి రాగానే నేను ముందు చివరి పేజీలు తిప్పుతాను. అక్కడ ఉండేది రిఫరెన్సుల జాబితా. బయటి పరీక్షకులు చాలామంది చేసేదీ ఇదే. ఆ రంగంలో తప్పకుండా ఉండాల్సిన పేపర్లు ఉన్నాయా, తాము రాసినవి ఉంటే పేరూ ఏడాదీ సరిగ్గా పడ్డాయా అని చూస్తారు. అక్కడ రెండు తప్పులు కంటబడ్డాయంటే మన పట్టికల్లోని అంకెల్ని కూడా అనుమానంతోనే చదువుతారు. ఆ అనుమానం రాసిన ఒక్కరి దగ్గర ఆగదు, శాఖ మొత్తం మీదికి వస్తుంది. తర్వాత అదే శాఖ నుంచి వచ్చే ఇంకో స్కాలర్ పేపరు కూడా దాన్ని మోయాలి.

మనం ఉన్న చోటు వల్ల ఈ బరువు ఇంకా ఎక్కువ. పక్కనే ఇక్రిశాట్ ఉంది, కందిలో ఐఐటీ ఉంది, చుట్టూ పాశమైలారం, బొల్లారం, జిన్నారం వైపు మందుల కంపెనీలున్నాయి. మనలో చాలామంది రాసేది ఇక్కడి నీళ్ల గురించి, నేల గురించి, పంటల గురించి. నక్కవాగు నీళ్ల మీద మనం ఒక పేపరు వేస్తే దాన్ని తోటి శాస్త్రవేత్తలే కాదు, కంపెనీ ఇంజనీరూ, కాలుష్య నియంత్రణ మండలి అధికారీ, రైతు తరఫు లాయరూ, కంపెనీ తరఫు లాయరూ చదివే అవకాశం ఉంది. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఈ అంకె ఎక్కడిది?" అనే. దానికి జవాబు రిఫరెన్సుల జాబితాలోనే ఉండాలి.

అందుకని శుభ్రమైన జాబితా అంటే నా ఉద్దేశం ఏమిటో ముందే చెప్తాను. కామాలు, ఇటాలిక్స్ ఒకేలా ఉండటం మంచిదే, కానీ అది రెండో సంగతి. చదివేవాళ్లు మన ఎంట్రీ పట్టుకుని మనం చూసిన ఆ కాగితం దగ్గరికే చేరాలి, మనం చెప్పిన మాట వాళ్లకు అక్కడ కనిపించాలి. ఈ రెండూ జరిగితే జాబితా శుభ్రంగా ఉన్నట్టు. మన కారిడార్లలో సీనియర్లు జూనియర్లకు ప్రేమతోనే ఇచ్చే కొన్ని సలహాలు ఈ రెండింటినీ చెడగొడుతున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

మొదటి సలహా: "మంచి రివ్యూ పేపరు ఒకటి పట్టుకో, రిఫరెన్సులు అందులోంచి ఎత్తి పెట్టుకో"

టైమ్ కలిసొస్తుందని ఇచ్చే సలహా ఇది. దీనివల్ల ఏం జరుగుతుందో 2003లో సిమ్‌కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు పరిశోధకులు లెక్కలతో చూపించారు. 1973లో కోస్టర్‌లిట్జ్, థౌలెస్ రాసిన ప్రసిద్ధ భౌతికశాస్త్ర పేపరును ఉదాహరణగా తీసుకున్నారు. దాన్ని ఉదహరించిన రిఫరెన్సులు దాదాపు 4300. వాటిలో 196 చోట్ల సంపుటం నంబరో, పేజీ నంబరో, ఏడాదో తప్పు పడింది. ఎవరి తప్పు వాళ్లు చేసి ఉంటే 196 చోట్లా రకరకాల తప్పులు కనిపించాలి. కానీ ఉన్నవి 45 రకాలే. వాటిలో ఒకే ఒక్క తప్పు 78 సార్లు తిరిగి వచ్చింది. పేజీ నంబరు టైపు చేసేటప్పుడు చెయ్యి జారితే అంతమందికీ ఒకే అంకె దగ్గర జారదు. ఒకరి జాబితా నుంచి మరొకరు దించుకున్నారన్నమాట.

వీళ్లు ఇంకో అడుగు ముందుకేసి, ఉదహరించేవాళ్లలో అయిదో వంతు మందే అసలు పేపరు చదువుతారని అంచనా కట్టారు. ఆ అంచనాను మనం జాగ్రత్తగా తీసుకోవాలి. పేపరు పూర్తిగా చదివినవాళ్లు కూడా జాబితాలో చేర్చేటప్పుడు పక్కవాళ్ల దగ్గర్నుంచి కాపీ చేసుకోవచ్చు. కానీ బయటి పాఠకుడికి ఈ తేడా తెలిసే దారి లేదు. ఊరందరూ చేసిన తప్పే మన జాబితాలోనూ కనిపిస్తే వీళ్లు అసలు పేపరు తెరవలేదనే అనుకుంటాడు.

దీనికంటే దారుణమైన ఉదాహరణ ఇంకొకటుంది. ఒక పెద్ద ప్రచురణ సంస్థ తన రచయితల కోసం ఇచ్చిన నమూనా ఫైల్లో, రిఫరెన్సు ఎలా రాయాలో చూపడానికి ఒక ఎంట్రీ పెట్టింది: వాన్ డెర్ గీర్, హాన్‌రాడ్స్, లప్టన్, 2000. శాస్త్రీయ వ్యాసం రాసే కళ గురించిన పేపరు అన్నట్టుగా ఉంటుంది. అలాంటి పేపరు లేదు, ఆ జర్నలే లేదు. అయినా ఆ ఎంట్రీ దాదాపు 400 ప్రచురిత పేపర్ల జాబితాల్లో కనబడిందని 2017లో ఆన్-విల్ హార్జింగ్ బయటపెట్టారు. వాటిలో ఎక్కువ భాగం సమావేశాల పేపర్లు. నమూనా ఫైల్లో తమ పేపరు నింపుకొని, చివర ఉన్న నమూనా ఎంట్రీని తీసేయడం మరిచిపోయారు. పుట్టని పేపరును ఉదహరించిన ఆ 400 జాబితాల పక్కన రచయితల సంస్థల పేర్లు ఈ రోజుకీ ఉన్నాయి.

కాబట్టి రివ్యూ పేపరును దారి తెలుసుకోవడానికి వాడుకోండి. ఎంట్రీని మాత్రం అసలు పేపరు మొదటి పేజీ కళ్ల ముందు పెట్టుకునే చేర్చండి.

రెండో సలహా: "శీర్షికలో తప్పు కనిపిస్తే దిద్దెయ్, పాత అడ్రసు ఉంటే మార్చెయ్"

ఇంగ్లిష్ బాగా వచ్చిన అధ్యాపకుల నుంచి ఎక్కువగా వినిపించే సలహా ఇది. మన ప్రాంతం పేరును ప్రపంచ పరిశోధనల్లోకి తీసుకెళ్లిన పేపరునే ఉదాహరణగా తీసుకుందాం. పటాన్‌చెరు మందుల కంపెనీల వ్యర్థజలాలు వచ్చి చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రంలో, శుద్ధి అయి బయటికి వచ్చే నీటిని పరీక్షించి స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు 2007లో వేసిన పేపరు అది. దాని సరైన ఎంట్రీ ఇలా ఉంటుంది:

```
Larsson DGJ, de Pedro C, Paxeus N. Effluent from drug
manufactures contains extremely high levels of
pharmaceuticals. J Hazard Mater. 2007;148(3):751-755.
doi:10.1016/j.jhazmat.2007.07.008
```

శీర్షికలో `manufactures` అన్న మాట చూడండి. చదవగానే `manufacturers` అని ఉండాలి కదా అనిపిస్తుంది. వర్డ్‌లో గ్రామర్ చెకర్ కూడా అక్కడ గీత గీయవచ్చు. చెయ్యి ఆగదు, ఒక అక్షరం చేర్చేస్తాం. కానీ జర్నల్లో అచ్చయింది `manufactures` అనే. శీర్షిక రచయితలది. దాన్ని దిద్దే హక్కు మనకు లేదు. దిద్దిన శీర్షికను ఉన్నదున్నట్టు కోట్స్ మధ్య పెట్టి వెతికితే అసలు పేపరు దొరకదు. డీఓఐ కూడా ఉంటే పాఠకుడు ఎలాగో గట్టెక్కుతాడు, అది కూడా వదిలేస్తే అక్కడే ఆగిపోతాడు. అచ్చులోనే పొరపాటుందని మీకు గట్టిగా అనిపిస్తే, ఆ పదం పక్కన చదరపు బ్రాకెట్లలో `[sic]` అని పెట్టే పద్ధతి ఉంది. మీ జర్నల్ శైలి ఒప్పుకుంటే అలా చేయండి. లేదంటే ఉన్నదున్నట్టు వదిలేయండి.

అడ్రసుల విషయంలోనూ ఇంతే. ఇక్రిశాట్ పాత పుస్తకాల్లో ప్రచురణ స్థలం ఎలా ఉంటుందో మీకు తెలుసు:

```
House LR. 1985. A Guide to Sorghum Breeding. 2nd edn.
Patancheru, A.P. 502 324, India: ICRISAT.
```

జొన్న మీద పనిచేసే ఆఫ్రికా స్కాలర్లు కూడా తమ జాబితాల్లో పటాన్‌చెరు అని, పిన్‌కోడ్‌తో సహా రాస్తారు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక కొందరు స్కాలర్లు ఆ పాత ఎంట్రీల్లో ఏ.పీ. తీసేసి తెలంగాణ అని పెడుతున్నారు. మన రాష్ట్రం మీద అభిమానంతోనే చేస్తున్నారు. కానీ 1985లో ఆ పుస్తకం మీద అచ్చయింది ఏ.పీ. అనే. రిఫరెన్సు చెప్పేది ఆ పుస్తకం మీద ఏముందో. ఈ రోజు ఆ ఊరు ఏ రాష్ట్రంలో ఉందో చెప్పడం దాని పని కాదు. తెలంగాణ అని రాస్తే 2014 తర్వాత ఇంకో ముద్రణ వచ్చిందేమోనని లైబ్రేరియన్ వెతకడం మొదలుపెడతాడు. 2014 తర్వాత వచ్చిన పుస్తకాలకు తెలంగాణ అని ఉంటుంది, వాటికి అలాగే రాయండి. ప్రచురణ స్థలమే అడగని శైలులు కూడా ఉన్నాయి. ఏపీఏ శైలి ఏడో ముద్రణ దాన్ని పూర్తిగా వదిలేసింది. మీ జర్నల్ ఆ శైలి వాడితే ఈ చిక్కే లేదు.

మీ సొంత అడ్రసు సంగతి వేరు. పేపరు మీద మన సంస్థ అడ్రసు మీరు పంపే రోజున ఉన్నట్టే రాయాలి. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. ఇప్పటికీ మెదక్ జిల్లా అని పాత టెంప్లేట్ లోంచి దించుతున్నవాళ్లు దాన్ని మార్చాలి. పాతవాటిని పాతగానే ఉంచాలి, కొత్తవాటిని కొత్తగా రాయాలి.

మూడో సలహా: "పేర్ల సంగతి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది"

జొటెరో, మెండలే, ఎండ్‌నోట్ ఏది వాడినా మంచిదే, వాడమనే నేనూ చెప్తాను. కానీ సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది ఒక్కటే: ఒక గడిలో ఇంటిపేరు, ఇంకో గడిలో మిగతా పేరు. మన పేర్లు ఆ రెండు గడుల్లో తేలిగ్గా ఇమడవు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఎక్కువగా పొడి అక్షరంగా మారుతుంది. ఇంగ్లిష్ జర్నళ్లు చివరి పదాన్నే ఇంటిపేరుగా తీసుకుంటాయి. అలా రావులు, రెడ్లు, కుమార్‌లు వందల మంది ఒకే పేరు కింద పోగుపడతారు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, తెలుగు పేరు కనపడగానే "అసలు ఇంటిపేరు ఇది కదా" అని సరిచేయబోవడం. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరే చూడండి. మన బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో, నీటి పరీక్షల్లో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కె-సుబ్బారో పద్ధతి ఆయనదే. దాని మూల పేపరు 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటంలో 375 నుంచి 400 పేజీల్లో వచ్చింది. ఆయన ఇంటిపేరు యల్లాప్రగడ అని మనందరికీ తెలుసు. కానీ ప్రపంచమంతా ఆ పేపరును ఈ రూపంలోనే వెతుకుతుంది:

```
Fiske CH, Subbarow Y. The colorimetric determination of
phosphorus. J Biol Chem. 1925;66:375-400.
```

మనం గౌరవంతో ఇంటిపేరు స్థానంలో యల్లాప్రగడ అని పెడితే డేటాబేస్ ఆ ఎంట్రీని అసలు పేపరుతో జత చేయలేకపోవచ్చు. రచయిత తన పేపరు మీద తన పేరు ఎలా వేసుకున్నారో అలాగే రాయాలి. `Subbarow` అన్న స్పెల్లింగ్ కూడా అంతే, `Subbarao` అని మార్చకూడదు. పైన చూసిన లార్సన్ పేపరులో రెండో రచయిత ఇంటిపేరు `de Pedro`. సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి `Pedro CD` అని విరిచేస్తుంది. ఎంట్రీ చేర్చిన వెంటనే పేర్ల గడులు ఒకసారి చూడటం అర నిమిషం పని.

సంస్థ రచయితగా ఉన్నప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ఇక్రిశాట్ పూర్తి పేరు బిబ్‌టెక్‌లో మామూలుగా రాస్తే, అందులోని చిన్న అక్షరాల `for the` చూసి అది పేరును ముక్కలు చేస్తుంది. పొడి అక్షరాల శైలిలో `I. C. R. I. for the Semi-Arid Tropics` అని అచ్చవుతుంది. ఇక్రిశాట్ గేటుకు కూతవేటు దూరంలో ఉన్న సంస్థ నుంచి అలాంటి ఎంట్రీ వెళ్తే మనకు ఎంత తలవంపో ఆలోచించండి. దీనికి మందు ఒక జత బ్రాకెట్లు అదనంగా పెట్టడమే:

```
author = {{International Crops Research Institute
           for the Semi-Arid Tropics}}
```

జొటెరోలో అయితే రచయిత గడి పక్కన రెండు గడుల్ని ఒకటిగా మార్చే చిన్న బటన్ ఉంది. సంస్థల పేర్లకు దాన్ని నొక్కాలి. ఇక మీ పేరు ఎప్పుడూ ఒకే రూపంలో రావాలంటే ఆర్కిడ్ నంబరు తీసుకుని ప్రతి పేపరులోనూ ఇవ్వండి. రావులూ రెడ్లూ కలగలిసిపోకుండా కాపాడేది అదే.

నాలుగో సలహా: "డీఓఐ ఉంటే నిజమైనట్టే, లేనిది పెట్టకపోవడమే మేలు"

ఈ సలహాలో రెండు తప్పులున్నాయి. మొదటిది, డీఓఐ పనిచేసినంత మాత్రాన ఎంట్రీ సరైనదని అనుకోవడం. ఒక అంకె తప్పు పడితే డీఓఐ కొన్నిసార్లు అసలు తెరుచుకోదు. అది నయం, తప్పు వెంటనే తెలుస్తుంది. కానీ అదే జర్నల్లోని వేరే పేపరు తెరుచుకోవచ్చు. ఉదాహరణకు లార్సన్ పేపరు డీఓఐ చివరి `008`లో ఒక అంకె మారితే అది అదే జర్నల్లోని ఇంకో పేపరు నంబరు కావచ్చు. లింకు తెరుచుకుంది కదా అని టిక్ పెట్టేస్తే తప్పు అలాగే అచ్చయిపోతుంది. `https://doi.org/` తర్వాత డీఓఐ అతికించి తెరిచినప్పుడు శీర్షిక, మొదటి రచయిత పేరు, ఏడాది మన ఎంట్రీతో కలుస్తున్నాయా అని కళ్లతో చూడాలి.

రెండో తప్పు, డీఓఐ లేనివాటిని వదిలేయడం. మన ప్రాంతం మీద రాసేవాళ్లకు ఇది పెద్ద నష్టం. పటాన్‌చెరు చరిత్రలో ముఖ్యమైన కాగితాలు చాలావాటికి డీఓఐ లేదు: కాలుష్య మండళ్ల నివేదికలు, కోర్టు ఆదేశాలు, ఇక్రిశాట్ పాత వార్షిక నివేదికలు, న్యూస్‌లెటర్లు. వాటిని వదిలేసి, వాటిని ప్రస్తావించిన ఏదో పేపరును బదులు పెడితే మూలం చెప్పినట్టు కాదు.

కోర్టు కాగితాల్లో మన వాళ్లు తరచూ జారిపడే చోటు ఒకటుంది. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు పేరు ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, 1990 నాటి రిట్ పిటిషన్ 1056. రాజస్థాన్‌లోని బిచ్రీ గ్రామం రసాయన కాలుష్యం మీద 1996లో వచ్చిన ప్రసిద్ధ తీర్పుకు కూడా అదే పేరు, పిటిషనర్ కూడా ఆ సంస్థే. పర్యావరణ చట్టం పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది బిచ్రీ తీర్పు. కేసు పేరు ఒక్కటే చూసి ఎంట్రీ రాస్తే పటాన్‌చెరు గురించి రాసిన వాక్యం కింద రాజస్థాన్ తీర్పు వచ్చి కూర్చుంటుంది. కోర్టు కాగితానికి పిటిషన్ నంబరు, ఏడాది, కోర్టు పేరు, ఆదేశం తేదీ నాలుగూ రాయాలి. పేరు ఒక్కటే చెబితే రామారావు గారి ఇల్లెక్కడని ఊళ్లో అడిగినట్టే ఉంటుంది.

ఇక్రిశాట్ పాత ప్రచురణలకు ఇబ్బంది తక్కువ. చాలావరకు `oar.icrisat.org` భాండాగారంలో ఉన్నాయి. అక్కడి పేజీ లింకు ఇచ్చి, మీరు చూసిన తేదీ రాయండి. సర్కారు నివేదికలకు సంస్థ పేరు, నివేదిక పేరు, నంబరు ఉంటే నంబరు, నెల, ఏడాది రాయండి. సర్కారు వెబ్‌సైట్లలో లింకులు మారిపోతుంటాయి, అందుకని ఫైల్ ఒకటి మన విభాగం ఫోల్డర్లో దాచిపెట్టండి. తర్వాత ఎవరైనా అడిగితే చూపించగలగాలి.

ఐదో సలహా: "ఫార్మాట్ సరిగ్గా కుదిరితే రిఫరెన్సుల పని అయిపోయినట్టే"

అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా ఇది. ఎంట్రీ నూటికి నూరు పాళ్లు సరిగ్గా ఉండి కూడా రిఫరెన్సు తప్పు కావచ్చు. మన ప్రాంతం గురించిన వాక్యంతోనే చూద్దాం. ఒక డ్రాఫ్టులో ఇలా ఉందనుకోండి: "పటాన్‌చెరు పరిసర చెరువుల్లో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు తేలింది." చివర పైన చూపిన లార్సన్ ఎంట్రీ నంబరు. ఎంట్రీలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. పాఠకుడు డీఓఐ నొక్కితే సరైన పేపరే తెరుచుకుంటుంది. ఇక అక్కడ ఏముందో చూద్దాం.

ఆ పేపరులో అంకె లీటరుకు 31,000 మైక్రోగ్రాములు. వెయ్యి మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము కాబట్టి 31 మిల్లీగ్రాములు అనడం సరే. ఇక్కడ ఒక సున్నా పోయినా, మైక్రో బదులు మిల్లీ అని పడినా మొత్తం తలకిందులవుతుంది. అందుకని అంకెతో పాటు ప్రమాణాన్ని కూడా మూలంలోనే చూసుకోవాలి. ఇంతవరకు వాక్యం నిలబడింది.

ఆ 31 మిల్లీగ్రాములు ఎక్కడి నీళ్లలో? శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లలో. చెరువుల్లో కాదు. ఆ 2007 పేపరు కొలిచింది శుద్ధి కేంద్రం వదిలే నీటినే. చెరువుల అంకెలు కావాలంటే ఇంకో పేపరు దగ్గరికి వెళ్లాలి:

```
Fick J, Söderström H, Lindberg RH, Phan C, Tysklind M,
Larsson DGJ. Contamination of surface, ground, and drinking
water from pharmaceutical production. Environ Toxicol Chem.
2009;28(12):2522-2527. doi:10.1897/09-073.1
```

2009లో వచ్చిన ఈ పేపరులో రెండు చెరువుల నీళ్లు పరీక్షించారు. అక్కడ సిప్రోఫ్లాక్సాసిన్ గరిష్ఠంగా లీటరుకు 6.5 మిల్లీగ్రాములు. ఇదే పేపరులో శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిని కూడా మళ్లీ కొలిచారు, ఆసారి 14 మిల్లీగ్రాములు వచ్చింది. మూడు అంకెలు, రెండు పేపర్లు, రెండు రకాల నీళ్లు. రెండు పేపర్లలోనూ లార్సన్ పేరుంది, రెండూ పటాన్‌చెరు గురించే, కాబట్టి కలగలపడం చాలా తేలిక.

ఈ కలగలుపు చిన్న విషయమేమీ కాదు. చెరువుల్లో ఉన్న 6.5 అంకె ఆధారంగానే, శుద్ధి కేంద్రం కాకుండా వేరే చోట్ల నుంచి కూడా సరిగా శుద్ధి కాని పారిశ్రామిక వ్యర్థాలు నీళ్లలో కలుస్తున్నాయని ఆ రచయితలు చెప్పారు. చెరువు అంకె బదులు శుద్ధి కేంద్రం అంకె పెడితే ఆ వాదన మొత్తం మాయమవుతుంది. నింద ఎక్కడ పడాలో అక్కడ పడకుండా ఇంకెక్కడో పడుతుంది. కంపెనీ తరఫు నిపుణుడు ఆ ఒక్క వాక్యం చదివి, మూలం తెరిచి, "వీళ్లు చెరువు అంటున్నది చెరువు కాదు" అని చూపిస్తే చాలు, మన పేపరులో మిగతా పరీక్షలన్నీ సరైనవే అయినా వినేవాళ్లుండరు. ఊరి చెరువు పాడైన రైతుకు మన పని వల్ల మేలు జరగకపోగా, ఆయన వాదన ఇంకా బలహీనపడుతుంది. నాకు ఈ సంగతి మీద ఇంత పట్టుదల ఇందుకే.

కాబట్టి అంకె ఉన్న ప్రతి వాక్యానికీ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ అంకె ఆ పేపరులో ఏ పట్టికలో, ఏ పేజీలో ఉంది? ఏ ప్రమాణంలో ఉంది? దేన్ని కొలిస్తే వచ్చింది, ఎప్పుడు? మూడింటికీ జవాబు మూలంలో చూపించలేకపోతే ఆ వాక్యం తీసేయండి, లేదా మీరు నిజంగా చూసిన పేపరును ఉదహరిస్తూ దాన్ని మార్చి రాయండి. చేతికి దొరకని మూలాన్ని ఇంకొకరి ద్వారా తెలుసుకున్నట్టయితే, ఆ ఇంకొకరిని ఉదహరించి "ఫలానావారు పేర్కొన్నట్టు" అని వాక్యంలోనే రాయడం నిజాయితీ.

మరి చేయాల్సిందేమిటి

పద్ధతి చెప్తాను, కష్టమైనదేమీ కాదు. పేపరు చదివిన రోజే ఎంట్రీ చేర్చండి, చివరి రాత్రికి వాయిదా వేయకండి. జొటెరోలో డీఓఐ అతికిస్తే వివరాలు వాటంతట అవే వస్తాయి. వచ్చాక పేపరు మొదటి పేజీ పక్కన పెట్టుకుని పేర్లు, శీర్షిక, సంపుటం, పేజీలు సరిచూడండి. నోట్స్ గడిలో మీరు వాడబోయే అంకె, అది ఉన్న పట్టిక నంబరు రాసుకోండి. రెండేళ్ల తర్వాత థీసిస్ రాసేటప్పుడు ఆ ఒక్క లైను మిమ్మల్ని ఆదుకుంటుంది.

పంపే ముందు రెండు పనులు మిగులుతాయి. మొదటిది, ఉపసంహరించిన పేపర్లు జాబితాలో ఉన్నాయేమో చూడటం. రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను 2023లో క్రాస్‌రెఫ్ తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది, జొటెరో కూడా అలాంటి పేపరు కనిపిస్తే ఎర్ర గుర్తుతో హెచ్చరిస్తుంది. మీరు పేపరు చదివిన తర్వాత కూడా అది ఉపసంహరణ కావచ్చు, అందుకే పంపే రోజున మళ్లీ చూడాలి. రెండోది సాఫ్ట్‌వేర్ చేయలేనిది. రాసినవాళ్లు కాకుండా ల్యాబులో ఇంకొకరు, జాబితాలోంచి తమకు తోచిన కొన్ని ఎంట్రీలు తీసుకుని, ఒక్కోదాన్ని తెరిచి, పేపరులోని వాక్యం అక్కడ నిలబడుతుందో లేదో చూడాలి. ఒక్కటి తప్పినా మొత్తం జాబితా మళ్లీ చూడాలి. రాసినవాళ్ల కంటికి తమ తప్పు కనపడదు, రెండో కన్ను తప్పనిసరి.

ఇక నుంచి మా ఆఫీసుకు వచ్చే ప్రతి పేపరుతో పాటు ఆ రెండో మనిషి పేరు, ఆయన లేదా ఆమె చూసిన ఎంట్రీల నంబర్లు ఉండాలని కోరుతున్నాను. అవి లేని పేపరును నేను పంపించను. గైడ్లకు ఒక మనవి: స్కాలర్ డ్రాఫ్టు తెచ్చినప్పుడు ఫలితాల కంటే ముందు ఒక అంకె మీద వేలు పెట్టి, మూలం తెరిచి చూపించమనండి. వెంటనే చూపించగలిగితే ముందుకు వెళ్లండి. చూపించలేకపోతే ఆ రోజు ఆ పని పూర్తయ్యేదాకా మిగతాది పక్కన పెట్టండి.